షీటులో ‘మ’ అంటే మగా, మహిళా? క్రియాటినిన్ సర్వేకు డేటా డిక్షనరీ

ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు మీద జరిగే సర్వేల్లో మొదట తెరిచేది ఒక ఎక్సెల్ షీటే. కవిటి, సోంపేట వైపు ఇంటింటికీ తిరిగి రాసిన ఫారాలను నలుగురు కూర్చుని టైపు చేస్తారు. ఆ తరవాత లెక్కలు కట్టాల్సిన మనిషి దగ్గరికి వచ్చేసరికి ఏ గడిలో ఏం రాశారో చెప్పేవాళ్లు ఉండరు. అలాంటి షీటు ఒకటి నా దగ్గరికి వచ్చినప్పుడు కనిపించిన లోపాలూ, ఏ గడిలో ఏం రాయొచ్చో చెప్పే డేటా డిక్షనరీలో ఏం రాస్తే అవి సర్దుకున్నాయో చెబుతాను. అంకెలు మాత్రం లెక్క సులువు కోసం నేను వేసుకున్నవి.

సమస్య: ఈజీఎఫ్ఆర్ 60 దాటినవాళ్లూ, దాటనివాళ్లూ తారుమారవుతున్నారు

లింగం గడిలో M, F, పు, స్త్రీ అన్నీ ఉన్నాయి. వాటితో పేచీ లేదు, చూడగానే తెలుస్తాయి. కొన్ని వరుసల్లో ‘మ’ అని ఒక్క అక్షరమే ఉంది. ఫీల్డులో తిరిగిన అమ్మాయిని అడిగితే, “మ అంటే మగోళ్లే కదేటండీ” అంది. పక్క ఊరు చూసిన ఆవిడ ‘మహిళ’ అనుకుని రాసింది. ఇద్దరి ఫారాలూ ఒకే షీటులో కలిసిపోయాయి.

ఇది చిన్న తేడా కాదు. కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో అంచనా వేసే అంకె ఈజీఎఫ్ఆర్. దాన్ని కట్టే సీకేడీ-ఈపీఐ 2021 సూత్రం, రక్తంలో కొలిచే వ్యర్థమైన క్రియాటినిన్‌తో పాటు వయసు, లింగం కూడా అడుగుతుంది. 45 ఏళ్ల మనిషికి క్రియాటినిన్ 1.2 వచ్చిందనుకోండి. మగవాడైతే ఈజీఎఫ్ఆర్ సుమారు 76, ఆడమనిషైతే సుమారు 57. 60 కన్నా తక్కువ మూడు నెలలకు మించి కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. అంటే ఆ ఒక్క అక్షరం వల్ల, మళ్లీ పిలిచి పరీక్ష చేయాల్సిన మనిషి ‘బాగానే ఉంది’ అన్న జాబితాలోకి వెళ్లిపోతుంది.

కారణం టైపు చేసినవాళ్ల అజాగ్రత్త అని నేను అనను. గడికి పేరు పెట్టారు గానీ, అందులో ఏం రాయొచ్చో ఎవరూ చెప్పలేదు. డిక్షనరీలో ఆ వరుస ఇలా ఉండాలి:

```
column   : sex
అర్థం     : ఫారంలో రాసిన లింగం
type     : text
allowed  : M = మగ, F = ఆడ, T = ట్రాన్స్‌జెండర్
ఖాళీ      : ఒప్పుకోం, ఫారం వెనక్కి పంపాలి
```

T ఉన్న వరుసకు షీటు తనంతట తాను ఈజీఎఫ్ఆర్ కట్టకూడదు. ఏ లెక్క వాడాలో డాక్టరు చూసి చెప్పాలి. ఇక పాత షీటులోని ‘మ’లను పేరు చూసి ఊహించి మార్చొద్దు. మనవైపు లక్ష్మి అని మొదలయ్యే పేర్లు మగవాళ్లకూ ఉంటాయి. అసలు ఫారం తీసి చూడటమే దారి. అది దొరక్కపోతే ఆ ఇంటికి మళ్లీ వెళ్లాలి.

సమస్య: క్రియాటినిన్ సగటు నమ్మశక్యంగా లేదు

240 మందిలో 12 మందికి పరీక్ష కాలేదు. ఆ గడుల్లో 99 అని వేశారు. మిగతా 228 మంది సగటు 1.1 అయినా, షీటు చూపించే సగటు దాదాపు 6.0. ఊరంతా డయాలసిస్ మీద ఉన్నట్టు కనిపించే అంకె కాబట్టి ఇది వెంటనే దొరికిపోతుంది.

దొరకని రకం ఇంకోటి ఉంది. ‘99 అయితే కలిసిపోతోంది, -9 వేద్దాం’ అంటారు. అప్పుడు సగటు దాదాపు 0.6 వస్తుంది. సున్నా వేస్తే 1.05 దగ్గర ఆగుతుంది. రెండూ చూడటానికి మామూలు అంకెల్లాగే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. అందుకే నాకు 99 కన్నా -9 అంటే భయం, -9 కన్నా సున్నా అంటే భయం.

ఎక్సెల్‌కు మన కోడ్ సంగతి తెలియదు. దానికి అంకె అంటే అంకే. కాబట్టి కొలత గడిలో కోడ్ రాయకండి. అది ఖాళీగా వదిలి, ఎందుకు ఖాళీయో పక్క గడిలో రాయండి:

```
column   : creat_miss
allowed  : ND  = రక్తం తీయలేదు
           REF = మనిషి ఒప్పుకోలేదు
           BAD = నమూనా పాడైంది
           LOST = రిపోర్టు దొరకలేదు
నియమం    : కొలత ఉంటే ఇది ఖాళీ, కొలత లేకపోతే ఇది తప్పనిసరి
```

ఒప్పుకోనివాళ్లు ఒకే ఊళ్లో ఎక్కువగా ఉంటే అదొక సమాచారం. నమూనాలు ఒకే రోజు పాడైతే ఆ రోజు ఐస్ పెట్టె సంగతి చూడాలి. అన్నిటికీ ఒకే 99 వేస్తే ఈ రెండూ కనబడవు.

సమస్య: 99 తీసేశాక కూడా 80, 106 లాంటి అంకెలు మిగిలాయి

అవి తప్పులు కావు. కొన్ని నమూనాలు వేరే ల్యాబుకు వెళ్లాయి, అక్కడ మైక్రోమోల్స్‌లో ఇచ్చారు. 106ను 88.4తో భాగిస్తే 1.2 mg/dL వస్తుంది. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, యూనిట్ ఇంకో గడిలో రాయించండి. మార్చే పని మూడో గడిలో సూత్రానికి వదిలేయండి. E గడిలో కొలత, F గడిలో యూనిట్ ఉంటే:

```
=IF(E2="","",IF(F2="umol/L",E2/88.4,IF(F2="mg/dL",E2,"CHECK")))
```

మొదటి `IF` తీసేయకండి. అది లేకపోతే, యూనిట్ రాసి కొలత వదిలేసిన చోట ఖాళీ గడిని ఎక్సెల్ సున్నాగా తీసుకుని సున్నా చూపిస్తుంది, ఇందాక భయమన్న సున్నా మళ్లీ వచ్చి కూర్చుంటుంది. టైపు చేసేవాళ్లు కాలిక్యులేటర్‌తో మార్చి రాయడం కూడా వద్దు, తప్పు జరిగితే వెనక్కి వెళ్లే దారి ఉండదు.

హద్దుల సంగతి. పెద్దవాళ్లకు 0.3 నుంచి 20 mg/dL అని డిక్షనరీలో రాశాను. ఇది హెచ్చరిక హద్దు మాత్రమే. దాటిన అంకెను చెరపకూడదు, రిపోర్టు కాగితంతో సరిచూడాలి. ఉద్దానంలో నిజంగానే పెద్ద అంకెలు వస్తాయి.

సమస్య: మూత్రంలో ఆల్బుమిన్ గడి సగం ఖాళీ

ల్యాబు ‘నిల్’ అని ఇస్తే, ‘ఏమీ లేదు’ అనుకుని ఖాళీ వదిలేశారు. నిల్ అంటే పరీక్ష చేశారు, ఆల్బుమిన్ కనబడలేదు అని. ఖాళీ అంటే పరీక్షే తెలియదు అని. ఇంకో చిక్కు, ఎవరైనా +1 అని కొడితే ఎక్సెల్ దాన్ని 1 చేసేస్తుంది, అప్పుడది లేశంగా ఉందని చెప్పే ట్రేస్‌కు ఇచ్చిన కోడో, ఒక ప్లస్సో తేలదు. అందుకని అంకెల కోడ్‌లు మానేసి `NIL`, `TRACE`, `1PLUS`, `2PLUS`, `3PLUS` అని మాటల్లోనే పెట్టాను.

సమస్య: డ్రాప్‌డౌన్ పెట్టినా తప్పు విలువలు దూరుతున్నాయి

`Data Validation` చేత్తో కొట్టినవాటినే ఆపుతుంది. ఇంకో షీటు నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే విలువా మారుతుంది, నియమమూ చెరిగిపోతుంది. కాబట్టి రోజూ సాయంత్రం ఈ లెక్క చూడాలి. 240 మందికి లింగం C గడిలో ఉంటే:

```
=ROWS(C2:C241)-COUNTIF(C2:C241,"M")-COUNTIF(C2:C241,"F")-COUNTIF(C2:C241,"T")
```

సున్నా వస్తే సరే. 3 వస్తే మూడు గడులు ఖాళీవో, డిక్షనరీలో లేనివో ఉన్నాయి. కంటికి M లాగే కనిపించినా వెనక ఖాళీ స్పేస్ ఉన్న గడి కూడా ఇందులో పట్టుబడుతుంది. ఆ మూడూ ఏ ఊరివో అదే సాయంత్రం చూసుకుంటే, ఫారం రాసిన మనిషికి ఆ ఇల్లు ఇంకా గుర్తుంటుంది.