ఉత్తరాలు రాద్దాం – 6వ పాఠం: క్యారికేచర్ గీసిపెట్టమని చిత్రకారుడికి

పోయిన పాఠంలో సన్మానసభకు అతిథిని పిలుస్తూ ఉత్తరం రాశాం. ఈసారి అదే సభలో ఇచ్చే కానుక సంగతి. విజయనగరంలోని ఒక డిగ్రీ కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం, జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న వృక్షశాస్త్రం మాస్టారికి క్యారికేచర్ బహూకరించాలనుకుంది అనుకోండి. చిత్రకారుడు ఉండేది విశాఖలో. మాస్టారిని ఆయన ఎన్నడూ చూడలేదు. సంఘం మొదట ఇలా రాసింది:

"మా మాస్టారు గొప్ప మేధావి, మంచి మనసున్న మనిషి. ఫోటో జత చేశాం. ఆయన వ్యక్తిత్వం ఉట్టిపడేలా గీయగలరు."

మర్యాదగానే ఉంది గానీ, ఇందులో గీయడానికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. మనిషిలో ప్రత్యేకంగా కనబడే ఒకటి రెండు అంశాలను పెంచి, మిగతావాటిని తగ్గించి గీస్తేనే అది క్యారికేచర్ అవుతుంది. ఏది పెంచాలో చిత్రకారుడే చూసుకుంటారు. చూడడానికి కావలసిన సరుకు మాత్రం మనమే అందించాలి. అందుకని మెచ్చుకోలు తీసేసి, కంటికి కనిపించేవి రాయండి:

"మాస్టారి కనుబొమలు బాగా గుబురు. ఎవరైనా ప్రశ్న అడిగితే తల ఎడమవైపు వంచి, కళ్లజోడు పైనుంచి చూస్తారు. చొక్కా జేబులో చిన్న భూతద్దం ఎప్పుడూ ఉంటుంది. ఆకు తుంచి, దాన్ని వెనక్కి తిప్పి ఈనెలు చూపిస్తూ పాఠం మొదలుపెడతారు. వెనక కళాశాల ఆవరణలోని మామిడిచెట్టు ఒక్కటి చాలు."

చివరి వాక్యం కావాలనే పెట్టాం. కోట, గంటస్తంభం, పైడితల్లమ్మ గుడి అన్నీ వెయ్యమని సభ్యులు అడుగుతారు. అవన్నీ పెడితే ముఖం చిన్నదైపోతుంది, పోలిక పట్టే చోటే ఉండదు.

తరవాతి పేరా చాలామంది మొహమాటంతో వదిలేస్తారు. ఏది పెంచకూడదో అందులో చెప్పాలి. మాస్టారికి నిరుడు ముఖపక్షవాతం వచ్చి, మూతి కాస్త పక్కకు లాగినట్టు ఉందనుకుందాం. విషయం తెలియని చిత్రకారుడి కన్ను ముందుగా పడేది దాని మీదే, ఎందుకంటే ఫోటోలో అందరికంటే వేరుగా ఉన్నది అదే. అప్పుడు కానుక కాస్తా ఇంటివాళ్ల మనసు నొప్పిస్తుంది. "మూతి వంకర జబ్బు వల్ల వచ్చింది, బొమ్మలో చూపవద్దు. పాత ఫోటోలో ఉన్నట్టు తిన్నగా గీయగలరు" అని సూటిగా రాయండి. ఇంకేమైనా ఉన్నాయేమో ఇంట్లోవాళ్లను ముందే కనుక్కోండి.

ఇక ఫోటోలు. పైన చెప్పిన పాత ఫోటో కాక నాలుగు పంపితే చాలు: ఎదురుగా ఒకటి, ముప్పాతిక ముఖం ఒకటి, పక్కనుంచి ఒకటి, నవ్వుతూ నిలబడ్డ నిలువెత్తు ఫోటో ఒకటి. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా పడతాయి. చిత్రకారుడు అది నిజమైన ముక్కే అనుకుని ఇంకా పెంచుతారు, సభలో ఎవరూ మాస్టారిని పోల్చుకోలేరు. అందుకే ఐదారు అడుగుల దూరంలో, కంటి ఎత్తులో ఫోన్ పట్టుకుని, రెండింతలు జూమ్ చేసి తియ్యండి. బ్యూటీ మోడ్ ఆపేయాలి, అది ముడతలు చెరిపేస్తుంది. గీతకు పట్టు దొరికేది ఆ ముడతల్లోనే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపండి. వెళ్లిన ఫోటోను పెద్దది చేసి చూడండి: కనుబొమల్లో వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే సరే, మసిపూసినట్టుంటే మళ్లీ పంపాలి.

పని షరతులు ఒక్క పేరాలో తేల్చేయొచ్చు:

"బొమ్మ ఏ3 సైజులో (297 × 420 మిల్లీమీటర్లు), నిలువుగా, రంగుల్లో కావాలి. పెన్సిల్ రఫ్ జూన్ 8కి చూపించగలరు. సవరణలన్నీ కలిపి మా కార్యదర్శి ఒక్కరే రెండు రోజుల్లో పంపుతారు. ఫ్రేము కట్టించుకోవాలి గనుక పూర్తయిన బొమ్మ 22కి అందాలి. మీ పారితోషికం తెలియజేస్తే సగం ముందుగా పంపుతాం. సన్మాన సంచికలో కూడా ఈ బొమ్మ అచ్చువేసుకుంటాం, అందుకు మీ సమ్మతి తెలపగలరు. మాస్టారికి తెలియకూడదు కాబట్టి 30వ తేదీ దాకా ఎక్కడా పెట్టవద్దని మనవి."

రఫ్ దగ్గర కనుబొమ మార్చడం రబ్బరుతో అయ్యే పని. ఇంకు, రంగు పడ్డాక అదే మార్పుకు బొమ్మ మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. పదిమంది సభ్యులు పది రకాలుగా ఫోన్ చేస్తే పోలిక పోతుంది, అందుకే ఒక్కరి పేరే రాయమన్నాం. బొమ్మ కింద వచ్చే పేరు, తేదీ చేతిరాతలో పంపకండి. టైపు చేసి, పొల్లులూ ఒత్తులూ మరొకరిచేత సరిచూపించి పంపండి.

అభ్యాసం: మీకు పాఠం చెప్పిన ఒక మాస్టారిని తలుచుకుని, గొప్ప, మంచి, ప్రేమ అన్న మాటలు రాకుండా ఐదు వాక్యాలు రాయండి. ఆయన్ను ఎరగని ఒకరికి అవి చదివి వినిపించి, ఆ మాస్టారు ఎలా నిలబడతారో చేసి చూపమనండి. చూపలేకపోతే, ఎక్కడ ఆగారో ఆ వాక్యం మార్చి రాయండి.