ప్రాజెక్టు రెండు వారాలు ఆలస్యమవుతోందని క్లయింట్‌కు ఈమెయిల్ ఎలా రాయాలి?

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి మా హనుమకొండ టీమ్ సాఫ్ట్‌వేర్ చేసింది. మిర్చి బండి గేటు దాటగానే ఎంట్రీ, కాంటా మీది తూకం నేరుగా కంప్యూటర్‌లోకి, సరుకు దాచినందుకు రైతుకు రసీదుగా ఇచ్చే బాండు ప్రింటు. 2026 జనవరి 19న మొదలుపెడతామని మాటిచ్చాం. 7వ తేదీన కాంటా దగ్గర పరీక్షిస్తే 20 బండ్లలో మూడింటికి తూకం తప్పు వచ్చింది. ఆ మర్నాడు పంపిన మెయిల్‌నే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ముందు తేదీ తేల్చుకోండి

మెయిల్ రాయడం కంటే కష్టమైన పని ఇదే. మా ప్రోగ్రామర్ "ఆరు రోజుల పని సార్" అన్నాడు. ఆ లెక్కన వారం ఆలస్యమని రాసేయొచ్చు. క్యాలెండర్ పెట్టుకుని చూస్తే కుదరలేదు. 19 నుంచి 24 దాకా పని. 25 ఆదివారం, 26 సెలవు. 27న అసలు కాంటా మీద ట్రయల్. 28 నుంచి 31 వరకు మేడారం జాతర. ఆ నాలుగు రోజులు గుమాస్తాలు, హమాలీలు, మా వాళ్లు ఎవరూ దొరకరు. కాబట్టి నిజమైన తేదీ ఫిబ్రవరి 2. టెన్షన్‌లో వారమని చెప్పి, మళ్లీ ఇంకో వారం అడిగితే క్లయింట్ ఆ తర్వాత మనం చెప్పే ఏ తేదీనీ నమ్మడు.

కారణాన్ని ఆయన కళ్లకు కట్టేలా చెప్పండి

"సాంకేతిక సమస్యల వల్ల" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. మా తప్పు ఏమిటంటే, కాంటా తూకాన్ని అంకెల్లో చూపే ఇండికేటర్‌ను ఆఫీసులో వేరే మోడల్‌తో పరీక్షించాం. అది బండి కుదురుకున్నాకే తూకం పంపుతుంది. ఆయన దగ్గరున్నది బండి ఊగుతుండగానే అంకెలు పంపుతూ ఉంటుంది. కాంటా యజమానికి ఇది ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. తప్పు మనదైతే మనదని అక్కడే రాయాలి, ఇండికేటర్ కంపెనీ మీదకు నెట్టకూడదు.

ఆలస్యం కానిదాన్ని విడదీయండి

రికవరీ ప్లాన్ అంటే రాత్రిళ్లు కూర్చుని పనిచేస్తామని చెప్పడం కాదు. ఏ భాగం ఆగింది, ఏది ఆగలేదు అని చూడాలి. మా విషయంలో గేటు ఎంట్రీ, బాండు ప్రింటు సిద్ధంగానే ఉన్నాయి. తూకం చేత్తో టైప్ చేస్తే అవి 19నే నడుస్తాయి. కొత్త మిర్చి జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి కాబట్టి జనవరి చివర్లో ఈ పద్ధతి సరిపోతుంది. టైపింగ్‌లో తప్పు పడే ప్రమాదం ఉంది, అందుకే కాంటా చీటీని బాండుకు జతచేయమన్నాం.

ఇక మెయిల్

పంపే ముందు ఫోన్ చేయండి. ఆలస్యం కబురు ఆయన మొదటిసారి మెయిల్‌లో చదవకూడదు.

> విషయం: కాంటా తూకం జనవరి 19 బదులు ఫిబ్రవరి 2, బాండ్లు మాత్రం 19నే
>
> నమస్తే సార్,
>
> పొద్దున ఫోన్‌లో చెప్పినట్టు, తూకం నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చే భాగం రెండు వారాలు ఆలస్యమవుతోంది. బండి ఊగుతుండగా వచ్చే అంకెను మా ప్రోగ్రామ్ తీసుకుంటోంది. మీ ఇండికేటర్‌తో ముందే పరీక్షించకపోవడం మా పొరపాటు, క్షమించండి.
>
> జనవరి 19: గేటు ఎంట్రీ, బాండు ప్రింటు మొదలు. తూకం చేత్తో ఎక్కించాలి, ప్రతి బాండుకు కాంటా చీటీ జతచేయాలి.
> జనవరి 24: అంకె మూడు సెకన్లు మారకుండా ఉంటేనే తీసుకునేలా మార్పు పూర్తి.
> జనవరి 27: ట్రయల్. వచ్చిన ప్రతి బండి తూకం చీటీతో సరిపోవాలి. ఒక్కటి తేడా వచ్చినా చేత్తో ఎక్కించడమే కొనసాగిస్తాం, కొత్త తేదీ ఆ సాయంత్రమే చెబుతాం.
> ఫిబ్రవరి 2: పూర్తిగా మొదలు.
>
> అదనపు పనికి మీరు డబ్బు కట్టక్కర్లేదు. మీ నుంచి కావలసింది ఒక్కటే: 27న ఉదయం నుంచి ఒక గుమాస్తా కాంటా దగ్గర ఉండాలి. 12వ తేదీలోగా ఎవరో చెప్పండి.

విషయం లైనులోనే రెండు తేదీలూ ఉన్నాయి చూడండి. ఆయన ఫోన్‌లో అంతవరకే చదివినా విషయం తెలిసిపోతుంది. క్షమాపణ ఒక్కసారి చాలు. ప్రతి పేరాలో చెబితే అసలు ప్లాన్ కనబడదు. "డబ్బు కట్టక్కర్లేదు" అన్న మాట మాత్రం మీ ఓనర్‌ను అడిగాకే రాయండి.

జనవరి 27 గడువును నేను కావాలనే పెట్టాను. ట్రయల్ ఫెయిలైతే ఆ సంగతి ఫిబ్రవరి 2 ఉదయం, బండ్లు లైను కట్టాక బయటపడకూడదు.

మెయిల్‌లో పెట్టిన ప్రతి తేదీ సాయంత్రం రెండు లైన్లు పంపండి, అంతా బాగున్నా సరే. 19న మేము పంపింది ఇంతే: "బాండ్ల ప్రింటు మొదలైంది సార్. తర్వాతి తేదీ 24, అందులో మార్పు లేదు."