కాగితం మడతలతో సగం, పావు ఎలా నేర్పాలి?

ఆరేడేళ్ల పిల్లలకు సగం అనే మాట బడిలో చెప్పకముందే తెలుసు. అయితే వారి లెక్కలో సగం అంటే రెండు ముక్కల్లో ఒకటి మాత్రమే, ఆ ముక్కలు సమానంగా ఉన్నాయా లేదా అన్నది వారికి పట్టదు. అందుకే అరిసెను తుంచి ఇస్తే ‘పెద్ద సగం నాకు’ అని పేచీ పెడతారు. కాగితం మడత వల్ల వచ్చే మేలు ఏమిటంటే, ఒక భాగం మరో భాగం మీద సరిగ్గా కూర్చుందో లేదో పిల్లలు తమ కళ్లతోనే చూసుకోగలరు.

ఒక్కొక్కరికి ఐదారు ఏ4 తెల్లకాగితాలు, రెండు రంగు పెన్సిళ్లు, స్కేలు, మొన మొద్దుగా ఉన్న కత్తెర, గుండ్రంగా గీసుకోవడానికి ఒక డబ్బా మూత ఉంటే చాలు. చార్టు కాగితం మందంగా ఉండి రెండో మడతకే మొరాయిస్తుంది కాబట్టి వాడకపోవడం మంచిది. పాత వార్తాపత్రికల్లో అచ్చు అక్షరాల మధ్య మడత గీత కనిపించదు.

మొదట సగం

కాగితాన్ని పొట్టి అంచులు రెండూ కలిసేలా మడవమనండి. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. పిల్లలు ముందుగా మడతను గట్టిగా నొక్కేసి, ఆ తర్వాత మూలలను కలపబోతారు. అప్పటికే గీత పడిపోయి ఉంటుంది కనుక అంచు దగ్గర సన్నని పట్టీ ఒకటి బయటికి కనిపిస్తూ ఉంటుంది. మూలలను ముందు కలిపి, ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మడతను మధ్య నుంచి ఇరువైపులకూ నొక్కడం అలవాటు చేయాలి. పట్టీ కనిపించిన కాగితాన్ని పారేయకుండా పక్కన ఉంచండి, ‘ఇది ఎందుకు సగం కాదు?’ అని తర్వాత అడగడానికి పనికొస్తుంది.

కాగితం విప్పి, మడత మీద పెన్సిలుతో గీత గీయించి, ఒక భాగానికి రంగు వేయించండి. ‘రెండు సమాన భాగాల్లో ఒక భాగం’ అని పూర్తి వాక్యంగా చెప్పించాలి. 1/2 అని రాయడం ఆ వాక్యం నోటికి వచ్చాకే.

ఇప్పుడు మరో కాగితాన్ని పొడుగు అంచులు కలిసేలా మడిపించి, దానిలోనూ ఒక భాగానికి రంగు వేయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏ సగం పెద్దదని అడగండి. చాలామంది పొడుగ్గా ఉన్నదాన్నే చూపిస్తారు. జవాబు మీరు చెప్పకండి. రంగు వేసిన రెండు సగాలనూ కత్తిరించి, పొడుగ్గా ఉన్నదాన్ని దాని పొడవుకు అడ్డంగా, రెండోదాన్ని కూడా అలాగే మరొకసారి మడవమనండి. రెండూ ఒకే కొలతకు వచ్చి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి.

తర్వాత పావు

పావు చూపడానికి కొత్త కాగితాన్ని సగానికి మడిచి, విప్పకుండానే ఇంకోసారి సగానికి మడవాలి. విప్పే ముందు ఎన్ని భాగాలు వస్తాయో ఊహించమంటే మూడు అనేవారు ఎక్కువ. రెండు మడతలు వేశారు, ఒక మడతకు రెండు భాగాలు వచ్చాయి, కాబట్టి రెండింటికి మూడు అని వారు తర్కిస్తారు. విప్పి చూపితే నాలుగు కనిపిస్తాయి. రెండుసార్లూ ఒకే దిశలో మడిస్తే మూడు గీతలు, నాలుగు పట్టీలు వస్తాయి. అందుచేత గీతలను లెక్కించనివ్వకుండా, ఒక్కొక్క భాగం మీద వేలు పెట్టి లెక్కించమనాలి.

ఒక భాగానికి రంగు వేశాక మరో పొరపాటు ఎదురవుతుంది. రంగు వేసినది ఒకటి, వేయనివి మూడు అని చూసి, పిల్లలు 1/3 అని రాస్తారు. కింద రాసే అంకె మొత్తం భాగాలది, మిగిలినవాటిది కాదు. రంగు వేసిన భాగాన్ని కూడా కలిపి వేలితో లెక్కపెట్టించి, ‘నాలుగు సమాన భాగాల్లో ఒకటి’ అని చెప్పిస్తే ఇది సర్దుకుంటుంది. 1/4 పెద్దదా, 1/2 పెద్దదా అంటే నాలుగును చూసి 1/4 అనే పిల్లలకు, ఒకే కొలత కాగితాల నుంచి తీసిన పావును సగం మీద పెట్టి చూపండి. వేర్వేరు కొలతల కాగితాలు తీసుకుంటే ఈ పోలిక చెడిపోతుంది.

మూలకు మూల మడత

మా మేనకోడలికి ఇది చూపిస్తున్నప్పుడు, ఎదురెదురు మూలలను కలిపే గీత మీద ఏ4 కాగితాన్ని మడిచి, ‘మూలలు కలవలేదు, ఇది సగం కాదు’ అని తేల్చేసింది. తప్పు ఆమెది కాదు. మడతలో కలిస్తేనే సగం అని అంతవరకూ నేనే నేర్పాను. ఆ గీత వెంట కత్తిరించి, ఒక త్రిభుజాన్ని బల్ల మీద సగం చుట్టు తిప్పి రెండోదానిమీద పెట్టినప్పుడు రెండూ సరిగ్గా సరిపోయాయి. మడతలో కలవకపోయినా సగం కావచ్చన్నమాట. చదరపు కాగితంతో మాత్రమే నేర్పితే ఈ సందేహం పిల్లలకు రానే రాదు, ఎందుకంటే చదరంలో మూల మడత కూడా చక్కగా కలుస్తుంది.

ఇంకొంచెం ముందుకు వెళ్లదలచినవారు మరో ఏ4 కాగితం మీద స్కేలుతో రెండు మూలగీతలూ గీయించండి. నాలుగు త్రిభుజాలు వస్తాయి, కానీ రెండు పొట్టిగా వెడల్పుగా, రెండు నిటారుగా సన్నగా ఉంటాయి. ఇవి పావులు కావని పిల్లలే కాదు, కొందరు పెద్దలు కూడా అంటారు. అదే కాగితాన్ని అడ్డంగా ఒకసారి, విప్పి నిలువుగా ఒకసారి సగానికి మడవండి. ఇప్పుడు ప్రతి త్రిభుజమూ రెండు చిన్న ముక్కలవుతుంది. మొత్తం ఎనిమిది ముక్కలనూ గీతల వెంట కత్తిరించి పేర్చి చూడండి, కొన్నింటిని బోర్లించవలసి వస్తుంది గానీ అన్నీ ఒకే కొలతలో ఉంటాయి. ప్రతి పెద్ద త్రిభుజంలోనూ అలాంటివి రెండే ఉన్నాయి కనుక నాలుగూ పావులే. ఆకారం వేరైనంత మాత్రాన పరిమాణం వేరు కాదని చూపడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు కనిపించలేదు.

వృత్తంలో పట్టీలు

మూత చుట్టూ గీసి కత్తిరించిన వృత్తాన్ని రెండుసార్లు సగానికి మడిస్తే దోసె మడతలాంటి నాలుగు పావులు వస్తాయి. కాగితంలో పట్టీలు పావులయ్యాయి కాబట్టి, వృత్తంలోనూ పట్టీలు గీసి పావులనుకోవడం పిల్లలు తరచుగా చేసే పని. వృత్తాన్ని సగానికి మడిచి విప్పి, రెండు వైపుల అంచులూ నడిమి గీతను తాకేలా లోపలికి మడవమనండి. వెడల్పులో నాలుగు పట్టీలూ సమానమే, కానీ మడిచిన చివరి ముక్క తన పక్కనున్న నడిమి పట్టీని పూర్తిగా కప్పలేదు, పైనా కిందా ఖాళీ కనిపిస్తుంది. వృత్తం మొత్తాన్ని 100 అనుకుంటే, చివరి పట్టీ ఒక్కొక్కటి 20 కంటే కొద్దిగా తక్కువ, నడిమి పట్టీ ఒక్కొక్కటి 30 కంటే కొద్దిగా ఎక్కువ. ఆ ఖాళీకి వేరే రంగు వేయించి, మొదట్లో పక్కన ఉంచిన అంచు కలవని కాగితాన్ని తీసి, అందులో అదనంగా మిగిలిన పట్టీకి కూడా అదే రంగు వేయమనండి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు, ఎందుకు సగం కాదో, ఎందుకు పావు కాదో పిల్లలే చెబుతారు.