పంక్చర్ షాపు పెట్టాలంటే ముందు చోటు చూడండి

పంక్చరైన బండిని ఎవరూ అర కిలోమీటరు మించి తోయలేరు. అందుకే దగ్గర్లో ఇంకో షాపు లేని చోటు వెతకండి. రోడ్డుకు డివైడర్ ఉంటే యూటర్న్ పక్కనే కూర్చోండి, రెండు వైపుల వాళ్లూ తోసుకుని రాగలరు. నీడ, కరెంటు రెండూ ఉండాలి. పెట్రోల్ బంకు పక్కన మాత్రం వద్దంటాను, అక్కడ గాలి ఉచితం కాబట్టి మీకు ఆ చిల్లర రాదు.

సామాన్లు ఎక్కువేం అక్కర్లేదు. చిన్న కంప్రెసర్, టైర్ లీవర్లు, స్పానర్లు, నీళ్ల టబ్బు, ఆకురాయి, సొల్యూషన్, ప్యాచ్‌లు, ట్యూబ్‌లెస్ కిట్ చాలు. కంప్రెసర్ సెకండ్ హ్యాండ్‌ది కొన్నా ఫర్వాలేదు.

ప్యాచ్ ఊడి బండి తిరిగొస్తే తప్పు సాధారణంగా తొందరలోనే ఉంటుంది. ట్యూబును ఆకురాయితో గరుకుగా రుద్ది, సొల్యూషన్ రాసి, అది తడి ఆరి వేలికి జిగటగా తగిలేదాకా ఆగాలి. తర్వాతే ప్యాచ్ వేయాలి. టైరు లోపలంతా గుడ్డతో తడమండి, మేకు ముక్క అక్కడే ఉండిపోతే సాయంత్రానికి మళ్లీ పంక్చరే.

రోజు లెక్క ఇలా వేసుకోండి. ట్యూబ్‌లెస్ 5 బండ్లు 100 చొప్పున 500, ట్యూబువి 3 బండ్లు 80 చొప్పున 240, గాలికి 100, మొత్తం 840 రూపాయలు. సామానుకు, కరెంటుకు 200 తీస్తే 640 మిగులుతుంది. మొదటి రెండు నెలలు ఇందులో సగమే వస్తుందనుకుని దిగండి.