లేడీస్ ఫిట్‌నెస్ స్టూడియోకి పేరు పెడుతున్నారా?

పేరు ఖాయం చేసే ముందు ఒక వాక్యంలో పెట్టి చూడండి: "అత్తయ్యా, నేను ... కి వెళ్లొస్తా." అక్కడ "స్లిమ్ దివా" అని పెడితే నలభై దాటిన, మోకాళ్ల నొప్పులున్న ఆవిడ ఇంట్లో ఆ మాట అనడానికే మొహమాటపడుతుంది. "ఐరన్ క్వీన్స్" అంటే బరువులెత్తడం ముందే వచ్చినవాళ్లకేమో అనుకుని గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఒంటి కొలతల్నీ అందాన్నీ గుర్తుచేసే మాటలు (షేప్, గ్లామ్, జీరో) నా లెక్కలో పనికిరావు. చోటునో సమయాన్నో చెప్పే మాటలు నయం: వాకిలి, ఉదయం, అడుగు.

కాకపోతే "వాకిలి" అని మాత్రమే రాస్తే టిఫిన్ సెంటర్ అనుకుంటారు! అందుకే బోర్డు మీద "వాకిలి లేడీస్ ఫిట్‌నెస్" అని పూర్తిగా రాయించండి. గూగుల్ మ్యాప్స్‌లోనూ అచ్చంగా అదే పేరు ఇవ్వండి. బోర్డు మీద లేని మాటలు అక్కడ తగిలిస్తే లిస్టింగ్ ఆపేసే అవకాశం ఉంది. ఫ్లెక్సీ కొట్టించే ముందే ట్రేడ్‌మార్క్ సైట్‌లో 41వ క్లాస్ కింద వెతకండి, ఫిట్‌నెస్ శిక్షణ అందులోకే వస్తుంది. ఆ పేరు లేదా దానికి దగ్గరగా వినిపించే పేరు కనిపిస్తే వేరేది చూసుకోండి.