గేమ్ తీసేసినా ప్రతి వారం డబ్బు కట్ అవుతోందా? ఫోన్‌లో ఎన్ని గూగుల్ అకౌంట్లు ఉన్నాయో చూడండి

సమస్య

ఇంట్లో అందరూ వాడే ఆండ్రాయిడ్ ఫోన్‌లో పిల్లవాడు గేమ్ ఆడతాడు. కొన్నాళ్లకు బ్యాంకు మెసేజ్‌లు తిరగేస్తే గూగుల్ ప్లే పేరుతో డబ్బు పోతూ కనిపిస్తుంది. ముందు ఆ మెసేజ్‌లను తేదీల వరుసలో చూడండి. ప్రతిసారీ అంతే మొత్తం, సరిగ్గా వారానికో నెలకో ఒకసారి పోతుంటే అది సబ్‌స్క్రిప్షన్. ఒకరోజు 29, మర్నాడు 79, తర్వాత పది రోజులు ఏమీ లేకపోతే పిల్లవాడు ఎప్పటికప్పుడు కొంటున్నాడని అర్థం. దాని సంగతి చివర్లో చెబుతాను.

గేమ్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "ఎప్పుడో డిలీట్ చేశామండీ" అంటూనే ఫోన్ చేతికిస్తారు. దాన్ని ఆపాల్సిన చోటు ప్లే స్టోర్. పైన కుడివైపు ప్రొఫైల్ బొమ్మ నొక్కి, `Payments & subscriptions`లోకి, అక్కడి నుంచి `Subscriptions`లోకి వెళ్లి రద్దు చేయాలి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

ఆ పేజీ ఖాళీగా ఉంటే

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే. మా బంధువుల ఇంట్లో ప్రతి ఆదివారం రూ.149 పోయేది. గేమ్ రెండుసార్లు తీసేశారు. సబ్‌స్క్రిప్షన్ల పేజీలో ఏమీ లేదు. ఎవరో ఖాతా హ్యాక్ చేశారని బ్యాంకుకు వెళ్లి డెబిట్ కార్డు కూడా మార్పించుకున్నారు. ఆ ఆదివారం కూడా డబ్బు పోయింది.

ఫోన్ తీసుకుని ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కాను. పేరు పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితే కింద ఇంకో అకౌంట్ కనిపించింది. 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం బాబు పేరుతో తెరిచింది. వాళ్లమ్మకు అది ఉన్నట్టే గుర్తులేదు. దానిలోకి మారి అదే పేజీ తెరిస్తే గేమ్ తాలూకు వారం పాస్ నడుస్తూ ఉంది.

ఎలా జరుగుతుందంటే, గేమ్ ఏ అకౌంట్‌తో దించుకుంటే మామూలుగా కొనుగోలు కూడా దాని మీదే పడుతుంది. గేమ్‌లో ఏ పేరుతో లాగిన్ అయ్యారన్నదానికి దీనితో సంబంధం లేదు. డబ్బు మాత్రం అమ్మ యూపీఐ నుంచి పోతుంది. "మొదటి వారం రూపాయే మమ్మీ, పిన్ కొట్టు" అన్నాడట బాబు. ఆవిడ కొట్టింది. అది రూపాయి చెల్లింపు ఒక్కటే కాదు, ఆటోపే అనుమతి కూడా. ఒకసారి పిన్ ఇస్తే ఆ తర్వాత వాయిదాలకు, రూ.15,000 లోపైతే, మళ్లీ పిన్ అడగదు. కట్ అయ్యే ముందురోజు ఒక మెసేజ్ వస్తుంది, అంతే. ఆ మెసేజ్‌ను చాలామంది ప్రకటన అనుకుని వదిలేస్తారు.

కాబట్టి ఫోన్‌లో ఉన్న ప్రతి అకౌంట్‌లోకీ మారి ఆ పేజీ చూడండి. అయినా దొరక్కపోతే ఒక్కో అకౌంట్ జీమెయిల్‌లో `GPA.` అని వెతకండి. ప్లే స్టోర్ రసీదుల్లో ఆర్డర్ నంబర్ ఆ అక్షరాలతోనే మొదలవుతుంది. ఆ అకౌంట్‌ను ఫోన్‌లోంచి ఎప్పుడో తీసేసి ఉంటే మళ్లీ లాగిన్ అవ్వాల్సిందే. అకౌంట్ తీసేసినా సబ్‌స్క్రిప్షన్ నడుస్తూనే ఉంటుంది.

ఆపే వరుస

ముందు ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయండి. ఆ తర్వాతే యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్లి ఆ అనుమతి తీసేయండి. ఒక్క ఆటోపేనే తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ బతికే ఉంటుంది, అకౌంట్‌లో ప్రత్యామ్నాయంగా పెట్టిన కార్డు ఉంటే దాని మీద పడొచ్చు. రద్దు చేశాక కూడా కట్టిన గడువు పూర్తయ్యేవరకు పాస్ పనిచేస్తుంది. అది చూసి రద్దు కాలేదేమోనని కంగారుపడకండి, ఆ పేజీలో గడువు ముగిసే తేదీ రాసి ఉంటుంది.

పోయిన డబ్బు రద్దుతో వెనక్కి రాదు, విడిగా అడగాలి. చివరిసారి కట్ అయి 48 గంటలు దాటకపోతే ప్లే స్టోర్ వెబ్‌సైట్‌లో రీఫండ్ అడగండి. పిల్లవాడు అడగకుండా కొని ఉంటే ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. గడువు దాటితే గేమ్ తయారుచేసిన కంపెనీకి రాసి చూడాలి.

తేదీ లేకుండా అప్పుడప్పుడూ పోతుంటే

ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ప్రతి కొనుగోలుకూ అడిగేలా పెట్టండి. వేలిముద్రతో సరిపెట్టేటప్పుడు జాగ్రత్త, చాలా ఇళ్లలో పిల్లల వేలిముద్ర కూడా ఆ ఫోన్‌లో ఎక్కించి ఉంటుంది. రెండో అకౌంట్‌లోకి మారి అక్కడా ఇదే పెట్టండి. ఒక్కదానికి పెట్టి ఊరుకున్నవాళ్లు మళ్లీ వచ్చారు.

కార్డు వివరాలు దొంగిలించడం లాంటివి ఈ రకం కేసుల్లో అరుదు. అన్ని అకౌంట్లూ చూశాక కూడా రసీదు ఎక్కడా కనిపించకపోతే అప్పుడు బ్యాంకుకు వెళ్లండి.