ఇంటి టీవీ పాఠాలు – 5: తెర మీద కోడ్, చేతిలో ఫోన్

పోయిన పాఠంలో టీవీని వైఫైకి కలిపి, ప్లే స్టోర్ నుంచి ప్రైమ్ వీడియో యాప్ దించుకున్నాం. తెరిస్తే లాగిన్ అవమంటుంది. రిమోట్‌తో ఈమెయిల్, పాస్‌వర్డ్ కొట్టొచ్చు గానీ, ఒక్కో అక్షరం దగ్గరికి బాణం బటన్‌తో పాక్కుంటూ వెళ్లాలి. క్యాపిటల్ లెటర్, నడుమ ఒక @ గుర్తు ఉన్నాయంటే ఇక ఆ పూట సినిమా చూసినట్టే. అందుకే రెండో దారి ఉంది. టీవీ ఒక చిన్న కోడ్ చూపిస్తుంది, దాన్ని ఫోన్‌లో కొడతాం.

ముందు ఒక అపోహ తీసేయాలి. ఈ పద్ధతిలో ఫోను, టీవీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఫోన్‌లో బ్లూటూత్ అక్కర్లేదు. రెండూ ఒకే వైఫైలో ఉండాల్సిన పనీ లేదు. టీవీ వెళ్లి కంపెనీ సర్వర్‌ని ఒక కోడ్ అడిగి తెచ్చుకుంటుంది, తెర మీద పెడుతుంది. ఆ తర్వాత కొన్ని సెకన్లకోసారి సర్వర్‌ని అడుగుతూనే ఉంటుంది: ‘ఈ కోడ్‌కి ఎవరైనా సరే అన్నారా?’ మనం ఫోన్‌లో మన ఖాతాతో లాగిన్ అయి కోడ్ కొట్టడమంటే సర్వర్‌తో ‘ఆ కోడ్ ఉన్న టీవీ నాదే, రానివ్వు’ అని చెప్పడం. టీవీ తర్వాతిసారి అడిగినప్పుడు సర్వర్ తలుపు తీస్తుంది. అందుకే ఫోన్‌లో అంతా అయ్యాక కూడా తెర మారడానికి ఒక్కోసారి రెండు మూడు సెకన్లు పడుతుంది. కంగారుపడి రిమోట్‌లో బ్యాక్ నొక్కకండి. నొక్కితే టీవీ అడగడం మానేసి, మళ్లీ వెళ్లినప్పుడు కొత్త కోడ్ తెచ్చుకుంటుంది.

ఇలాంటి లాగిన్‌కి 2019లో వచ్చిన ఒక ప్రమాణ పత్రం ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 8628. సర్వర్ వేరే వ్యవధి చెప్పకపోతే పరికరం 5 సెకన్లకోసారి అడగాలని అందులో ఉంది. కోడ్‌లో ఇంగ్లిషు అచ్చులు లేకుండా హల్లులే వాడితే మంచిదని కూడా సలహా ఇచ్చారు. ఎందుకో తెలుసా? అచ్చులు కలిస్తే పొరపాటున ఏదో ఒక మాట తయారై తెర మీద కూర్చుంటుందని! అన్ని కంపెనీలూ ఈ సలహా పాటించవు. అంకెలూ అక్షరాలూ కలిపి ఇచ్చేవి చాలా ఉన్నాయి.

ఇప్పుడు నిజంగా జరిగిన ఒక లాగిన్ చూద్దాం. టీవీ తెనాలిలో మా అమ్మ దగ్గర ఉంది. ఖాతా నాది, నేను హైదరాబాద్‌లో ఉన్నాను. అమ్మ యాప్ తెరిచి, వెబ్‌సైట్ ద్వారా రిజిస్టర్ చేసుకునే దారి ఎంచుకుంది. తెర మీద కోడ్ వచ్చింది, దాని పక్కనే ఎక్కడికి వెళ్లాలో అడ్రస్ కూడా వచ్చింది. నేను ఫోన్‌లో క్రోమ్ తెరిచి, పైన అడ్రస్ పట్టీలో ఇది కొట్టాను:

```
primevideo.com/mytv
```

లాగిన్ అడిగింది, అయ్యాను. ఆ తర్వాత కోడ్ పెట్టమంటూ ఖాళీ గడి వచ్చింది. ఇక్కడే చిక్కొచ్చింది.

“చెప్పమ్మా, కోడ్ ఏంటి?”

“బీ, కే, ఏడు, డీ, టీ, నాలుగు.”

కొట్టాను. కోడ్ తప్పంది. మళ్లీ చెప్పింది, మళ్లీ తప్పంది. ఫోన్‌లో బీ, డీ, పీ, టీ అన్నీ ఒకేలా వినిపిస్తాయి. మూడోసారి “బీ అంటే బస్సు బీయేనా?” అని అడిగితే, “కాదురా నాన్నా, పెన్ను పీ” అంది. అంతసేపూ P ని B అనుకుని కొడుతున్నాను. ఈలోగా ఆ కోడ్‌కి గడువు తీరి, తెర మీదకి కొత్తది వచ్చేసింది. ఈసారి అమ్మ ప్రతి అక్షరానికీ ఒక మాట జోడించి చెప్పింది, ఒక్కసారికే పనైంది. ఇంకా తేలిక కావాలంటే తెరని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. కానీ 0 కీ O కీ, 8 కీ B కీ తేడా కోసం ఫొటో పెద్దది చేసి చూడాల్సిందే.

కోడ్ సరిగ్గా కొట్టినా తప్పు జరిగే చోటు ఇంకొకటి ఉంది. అది ఖాతా. ఫోన్‌లో ఏ ఖాతాతో కోడ్ కొడితే టీవీ దాంట్లోకే వెళ్తుంది. యూట్యూబ్‌లో ఇది బాగా జరుగుతుంది. ఎందుకంటే ఒకే ఫోన్‌లో ఆఫీసు జీమెయిల్, సొంత జీమెయిల్ రెండూ ఉంటాయి. ఒకసారి మా బావమరిది ఫోన్‌తో మా టీవీకి లాగిన్ చేశాం. వారం తిరిగేసరికి మా పిల్లలు చూసే బొమ్మల వీడియోలన్నీ ఆయన ఫోన్‌లో వరసకట్టాయి. కోడ్ కొట్టేముందు పేజీ పైభాగంలో ఎవరి పేరు, ఏ ఈమెయిల్ ఉందో చూసుకోండి.

ఇక అడ్రస్ సంగతి. తెర మీద ఉన్నది ఉన్నట్టు అడ్రస్ పట్టీలో కొట్టండి, గూగుల్‌లో వెతకొద్దు. ‘టీవీ యాక్టివేట్’ అని వెతికితే అసలు సైటు పేరులాంటి పేరే పెట్టుకున్న దొంగ పేజీలు తగులుతాయి. వాటిలో కోడ్ కొట్టగానే ‘ఎర్రర్ వచ్చింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి’ అని వస్తుంది. ఫోన్ చేస్తే యాక్టివేషన్ ఫీజు అడుగుతారు, లేదా ఫోన్‌లో ఏదో యాప్ వేయించి తెర చూపించమంటారు. కోడ్ కొట్టడానికి విడిగా ఫీజు ఉండదు. చందా కట్టే ఉంటే చాలు.

అమ్మ తెనాలిలో ఉంటే నేను హైదరాబాద్‌లో కోడ్ కొట్టగలిగాను కదా, ఆ సౌకర్యం దొంగకీ ఉంది. వాడు తన దగ్గరున్న టీవీలోనో కంప్యూటర్‌లోనో కోడ్ తెచ్చుకుని మీకు పంపుతాడు. ‘కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నాం, మీ ఖాతా ఆగిపోకుండా ఈ కోడ్ ఎంటర్ చేయండి’ అంటాడు. సైటు అసలుదే, లాగిన్ మీదే, ఓటీపీ కూడా వాడికి చెప్పక్కర్లేదు. అయినా మీరు కోడ్ కొట్టిన క్షణం మీ ఖాతాలోకి వాడి పరికరం దూరుతుంది. ఓటీపీ అయితే ఎవరికీ చెప్పకూడదని అందరికీ తెలుసు. ఇది దానికి తిరగేసిన మోసం: ఎవరో చెప్పిన కోడ్ మనం కొట్టకూడదు. మీ కళ్లముందున్న తెర మీదిదో, మీరే ఫోన్ చేసి అడిగిన ఇంటి మనిషి చెప్పిందో అయితేనే కొట్టండి.

ఒకవేళ కొట్టేశారే అనుకోండి, పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే చాలదు. లోపలికి వచ్చిన పరికరాన్ని విడిగా తీసేయాలి. ప్రైమ్ వీడియో వెబ్‌సైట్‌లో Account & Settings లోకి వెళ్తే Your Devices అని ఉంటుంది. అక్కడ ఒక్కో పరికరం పక్కన Deregister నొక్కాలి. పాత టీవీ అమ్మేసినా, హోటల్ గదిలో లాగిన్ అయి మర్చిపోయి వచ్చినా చేయాల్సింది ఇదే.

ఈ వారం అభ్యాసం: ఆ జాబితా తెరిచి, అందులో ఎన్ని పరికరాలున్నాయో లెక్కపెట్టండి. నా దాంట్లో ఎప్పుడో మార్చేసిన రెండు పాత ఫోన్లు, మేం అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అమ్మేసిన టీవీ ఇంకా ఉన్నాయి. వచ్చే పాఠంలో కోడ్ పక్కనే కనిపించే క్యూఆర్ చతురస్రం సంగతి, పిల్లల ప్రొఫైల్‌కి పిన్ పెట్టడం చూద్దాం.